ఒక్క మాట సాక్ష్యం: తొలి తెలుగు శాసనాలలో పదోదాహరణ, విశ్లేషణ

వ్యాససంగ్రహం

తెలుగు భాషాచరిత్ర రచనలో శాసనాలలోని ఒక్కొక్క పదమే ప్రధానమైన ఆధారం. నన్నయకు పూర్వపు తెలుగును గురించి చెప్పే ప్రతిపాదనలు చాలావరకు ఇలాంటి విడి పదాలపై నిలిచినవే. పరిశోధకుడు తన వాక్యంలో శాసనపదాన్ని ఇమిడ్చేటప్పుడు తెలియకుండా చేసే చిన్న మార్పులు ఆ పదపు సాక్ష్యాన్ని ఎలా చెరిపివేస్తాయో, ఏ జాగ్రత్తలతో అది నిలుస్తుందో కలమళ్ళ, ఎఱ్ఱగుడిపాడు శాసనాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అమరావతి శిలాశకలంలోని ‘నాగబు’ను అదే కొలతతో పరీక్షిస్తుంది.

కీలకపదాలు: రేనాటి చోళులు, కలమళ్ళ శాసనం, ఎఱ్ఱగుడిపాడు శాసనం, నాగబు, పదోదాహరణ, పూరణ, ఔపవిభక్తికం.

1. ఉపోద్ఘాతం

కావ్యభాషను చర్చించేవారికి పద్యమంతా ఎదురుగా ఉంటుంది. ఒక పదం సందేహాస్పదమైతే ఛందస్సు, ప్రాస, యతి, ఇతర తాళపత్ర ప్రతులు తోడువస్తాయి. తొలి శాసనాల భాషను చర్చించేవారికి ఆ వసతి లేదు. శిల విరిగి ఉంటుంది, పంక్తులు అరిగి ఉంటాయి, మిగిలింది కొన్ని పదాలే. అందువల్ల వ్యాసకర్త ఆ పదాలను ఒక్కొక్కటిగా ఎత్తి తన వాక్యంలో పెట్టుకొని, వాటి వర్ణాలనూ ప్రత్యయాలనూ చర్చిస్తాడు.

ఈ పనిలో తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. తెలుగు వాక్యంలో నామం విభక్తి లేకుండా ఎక్కువసేపు నిలవదు. ఉదాహరించిన పదానికి ‘ను’, ‘లో’, ‘కి’ చేరుతాయి, ఔపవిభక్తిక రూపం వస్తుంది, సంధి కలుస్తుంది. వ్యాసకర్త వాక్యం సాఫీగా సాగడం కోసం చేర్చిన ఈ ప్రత్యయాలే, శాసనపదంలో పరిశీలించవలసిన భాగాన్ని కప్పివేయవచ్చు. దీనికి తోడు, పాత వర్ణక్రమాన్ని నేటి వర్ణక్రమంలోకి మార్చే అలవాటు ఒకటి ఉంది. చరిత్ర సంఘటనలను మాత్రమే చెప్పే రచనలో ఈ రెండూ పెద్ద దోషాలు కావు. భాషకు సాక్ష్యంగా పదాన్ని చూపే రచనలో మాత్రం ఇవి సాక్ష్యాన్నే మారుస్తాయి.

2. కలమళ్ళ శాసనం: లభ్యమైన పాఠం

వైఎస్ఆర్ కడప జిల్లా ఎర్రగుంట్ల సమీపంలోని కలమళ్ళలో, చెన్నకేశవస్వామి ఆలయ ప్రాంగణంలో లభించిన ఈ శాసనం రేనాటి చోళుడైన ధనంజయునిది. లిపిని బట్టి దీనిని క్రీ.శ. 575 ప్రాంతానిదిగా నిర్ణయించారు. కె.ఎ. నీలకంఠశాస్త్రి, ఎం. వెంకటరామయ్య ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 27వ సంపుటంలో రేనాటి చోళుల ఇతర శాసనాలతో పాటు దీనిని పరిష్కరించి ప్రచురించారు.

శాసనం మొదలూ చివరా దెబ్బతిన్నాయి. నిలిచిన భాగంలో పంక్తులు చాలా చిన్నవి, ఒక్కొక్క పంక్తికి నాలుగైదు అక్షరాలే. ఒకే పదం రెండు పంక్తులకు విడిపోతుంది. ‘ధనంజ’ ఒక పంక్తిలో ఉంటే ‘యుదు’ తరువాతి పంక్తిలో ఉంది, ‘రేనా’ ఒకచోట ఉంటే ‘ణ్డు’ మరొకచోట ఉంది. పదాల మధ్య ఖాళీ లేదు. అంటే ముద్రితపాఠంలో కనిపించే పదవిభజన శిల మీదిది కాదు, పరిష్కర్తది. ఈ విభజన చాలాచోట్ల నిస్సందేహమైనదే. అయినా ఒక పదాన్ని విడిగా ఎత్తి చూపేటప్పుడు దాని రెండు అంచులూ పరిష్కర్త నిర్ణయించినవేనన్న ఎరుక ఉండాలి.

3. ‘రేనాణ్డు ఏళన్’: రెండు పదాలలో నాలుగు సాక్ష్యాలు

ఈ శాసనాన్ని ప్రస్తావించే రచనలలో ‘ధనంజయుడు రేనాడును ఏలుతుండగా’ అన్న తరహా వాక్యం తరచుగా ఎదురవుతుంది. భావం సరైనదే. శాసనంలో ఉన్న మాటలు మాత్రం ‘రేనాణ్డు ఏళన్’. ఈ రెంటి మధ్య పోయినవేమిటో వరుసగా చూడవచ్చు.

మొదటిది అనునాసికం. ‘దేశం’ అనే అర్థంలో తమిళ, కన్నడాలలో ఉన్న ‘నాడు’ శబ్దంలో అనునాసికం లేదు. శాసనంలోని ‘రేనాణ్డు’లో డకారానికి ముందు ‘ణ్’ పూర్ణంగా రాసి ఉంది. తరువాతి సాహిత్యభాషలో ‘వెలనాఁటి’, ‘పాకనాఁటి’ వంటి రూపాలలో కనిపించే అరసున్న ఈ అనునాసికపు అవశేషమే. నేటి రాతలో అదీ పోయింది. కనుక ‘రేనాడు’ అని రాయగానే 3 దశల చరిత్రలో చివరి దశ మాత్రమే మిగులుతుంది. పొరుగు భాషల రూపం నుంచి తెలుగు రూపాన్ని వేరుచేసే గుర్తు కూడా దానితోనే పోతుంది.

ఒక్క పదంలోని ఒక్క అక్షరంపై ఇంత చెప్పవచ్చునా అన్న ప్రశ్న సహజం. లేఖకుని పొరపాటు కాదని చూపాలంటే అదే కాలపు, అదే వంశపు మరొక శాసనం కావాలి. ఎఱ్ఱగుడిపాడు శాసనంలోని ‘కుణ్డికాళ్లు’ అన్న మాటలో కూడా డకారానికి ముందు ‘ణ్’ ఇలాగే రాసి ఉంది. రెండు వేర్వేరు శిలల మీద ఒకే పద్ధతి కనిపించడం వల్ల, ఈ కాలంలో ఈ వర్ణాల కూడికను ఇలా రాసేవారని చెప్పడానికి వీలు కలుగుతుంది. ఉచ్చారణలో ఆ అనునాసికం ఎంత స్ఫుటంగా వినిపించేదో మాత్రం రాత చెప్పదు. సాక్ష్యం అక్కడితో ఆగుతుంది.

రెండవది విభక్తి. ‘ఏళన్’ అన్న క్రియకు ‘రేనాణ్డు’ కర్మ. కర్మ అయినా ద్వితీయా ప్రత్యయం లేదు. జడవాచకాలకు ద్వితీయకు మారుగా ప్రథమ రావచ్చునని తెలుగు వ్యాకరణాలు చెబుతాయి, నేటి వాడుకలోనూ ‘పుస్తకం చదివాడు’ అంటాం. ఆ వాడుక క్రీ.శ. 6వ శతాబ్దంలోనే ఉన్నదనడానికి ఈ రెండు మాటలు ఆధారం. వ్యాసకర్త తన వాక్యానికి అనుగుణంగా ‘రేనాణ్డును’ అని రాస్తే, శిలపై లేని ప్రత్యయాన్ని తానే చేర్చి, ఉన్న సాక్ష్యాన్ని తానే కొట్టివేసినట్లవుతుంది.

ఇక్కడ మరొక సూక్ష్మం ఉంది. ‘రేనాణ్డు’ను మాత్రమే ఉదాహరిస్తే ఈ సాక్ష్యం కనిపించదు. విడిగా చూస్తే అది కేవలం ఒక ప్రథమాంతం, ఒక ప్రదేశనామం. పక్కన ‘ఏళన్’ ఉన్నప్పుడే అది కర్మ అని తెలుస్తుంది. వర్ణచర్చకు ఒక్క పదం చాలు, వాక్యసంబంధాన్ని చర్చించాలంటే ఆ సంబంధానికి రెండవ కొస అయిన పదం కూడా ఉదాహరణలో ఉండాలి. చిన్న ఉదాహరణ ఎంత చిన్నదిగా ఉండవచ్చునన్నది చర్చించే విషయాన్ని బట్టి నిర్ణయమవుతుంది.

మూడవది ‘ఏళన్’లోని ళకారం. తమిళ, కన్నడాలలో పాలించడమనే అర్థంలో ఉన్న ‘ఆళ్’ ధాతువుకు తెలుగు జ్ఞాతి ‘ఏలు’. తెలుగు కావ్యభాషలో దీనికి లకారమే స్థిరపడింది. శాసనంలోని ళకారం పొరుగు భాషల ధాతువులోని వర్ణాన్ని నిలుపుకొన్న దశను చూపుతుంది. దానిని ‘ఏలన్’ అని సవరించి ఉదాహరిస్తే ఆ దశ కనిపించకుండా పోతుంది.

నాల్గవది ‘అన్’ ప్రత్యయం. ధనంజయుడు కర్తగా ‘ఏళన్’ అనడంలో ‘ఏలుతుండగా’ అన్న అర్థం ఉంది. అన్నంతరూపం తన కర్తతో కలిసి, మరొక పని జరిగిన కాలాన్ని సూచిస్తున్నది. తరువాతి శాసనాలలోనూ కావ్యాలలోనూ ఈ ప్రయోగం సుపరిచితం. ‘ఏలుతుండగా’ అనే అనువాదం అర్థాన్ని చెబుతుంది, అన్నంతరూపం ఈ పని చేస్తున్నదన్న విషయాన్ని మరుగుపరుస్తుంది. అందువల్ల అర్థవివరణ మూలపదానికి పక్కన రావాలి, దాని స్థానంలో రాకూడదు.

ఇదే శాసనంలోని ‘చిఱుంబూరి’ అన్న రూపం కూడా ఇలాంటిదే. ఇది ‘చిఱుంబూరు’కు ఔపవిభక్తికం. ‘ఊరు’ శబ్దం షష్ఠ్యర్థంలో ‘ఊరి’ అవుతున్నదనడానికి ఇది ప్రాచీన ఉదాహరణ. ‘చిఱుంబూరు అనే గ్రామం’ అని వ్యాసంలో రాయగానే రికారం రుకారమై, చెప్పదగిన విషయం చేజారుతుంది. గ్రామచరిత్ర రాసేవారికి ‘చిఱుంబూరు’ చాలు, వ్యాకరణచరిత్ర రాసేవారికి ‘చిఱుంబూరి’ కావాలి.

4. పూరించిన అక్షరాలు, భేదించే పాఠాలు

పదం వర్ణక్రమం చెడకుండా ఉదాహరించినా మరొక ప్రమాదం మిగిలి ఉంటుంది. శిల మీద ఉన్న అక్షరాలకూ పరిష్కర్త పూరించిన అక్షరాలకూ మధ్య తేడా చెరిగిపోవడమే అది.

కలమళ్ళ శాసనంలో ధనంజయుని బిరుదు ‘ఎరికల్ముతురాజు’ అని సాధారణంగా రాస్తారు. నిలిచిన పాఠం ‘కల్ముతురా’ అన్న అక్షరాలతో మొదలవుతుంది. దానికి ముందున్న భాగం దెబ్బతిన్నది. ‘ఎరి’ అన్నది పూరణ. ఎఱ్ఱగుడిపాడు శాసనంలో ‘ఎరికల్ముత్తురాజు’ అన్న బిరుదు ఉండడం ఈ పూరణకు బలం. పూరణ సమంజసమైనదే. దానిని పూరణ అని తెలుపకుండా ఉదాహరించి, ‘ఎరికల్ అన్న మాట రెండు శాసనాలలోనూ ఉన్నది కనుక ఇద్దరిదీ ఒకే బిరుదు’ అని వాదిస్తే వాదం చక్రంలా తిరుగుతుంది. ఒక శాసనం నుంచి తెచ్చి రెండవదానిలో పెట్టిన అక్షరాలే రెంటి సామ్యానికి సాక్ష్యమవుతున్నాయి. రెండు శాసనాలలో నిజంగా పోల్చదగిన భాగం ‘కల్’ నుంచి మొదలవుతుంది.

ఆ భాగంలో కూడా ఒక తేడా ఉంది. కలమళ్ళలో ‘ముతురాజు’, ఎఱ్ఱగుడిపాడులో ‘ముత్తురాజు’. ఒకచోట తకారం ఏకం, మరొకచోట ద్విత్వం. ఈ భేదాన్ని చూసి రెండు వేర్వేరు పదాలని చెప్పడం తొందరపాటు. ద్విత్వాన్ని ఏకాక్షరంగా రాసే అలవాటు ప్రాకృత శాసనాల కాలం నుంచీ ఉంది. అయినా ఉదాహరణలో రెంటినీ ‘ముత్తురాజు’గా ఏకం చేస్తే, ఈ అలవాటు తెలుగు రాతలో కొనసాగిందా అన్న ప్రశ్న వేయడానికే ఆధారం ఉండదు.

మూడవ రకం సమస్య పాఠభేదం. ‘ధనంజయుదు’ అన్న పదపు చివరి అక్షరం ‘దు’ అని కొన్ని ముద్రణలలోనూ, ‘ఱు’ అని మరికొన్నింటిలోనూ కనిపిస్తుంది. ప్రథమా ఏకవచన ప్రత్యయమైన ‘డు’ చరిత్రకు ఈ అక్షరం కీలకం. ‘ఱు’ అయితే ప్రత్యయంలోని హల్లు దంతమూలీయమన్న వాదానికి బలం చేకూరుతుంది, ‘దు’ అయితే ఆ బలం ఉండదు. ఒకే ముద్రణను చూసి, రెండవ పాఠాన్ని ప్రస్తావించకుండా, ఈ ఒక్క అక్షరంపై ప్రత్యయచరిత్రను నిర్మించకూడదు. ఇలాంటి చోట శాసనపు అచ్చుప్రతిబింబాన్ని స్వయంగా పరిశీలించడం, ఏ ముద్రణలోని పాఠమో వాక్యంలోనే చెప్పడం తప్పనిసరి. ఆ రాజు పేరును మాత్రమే ప్రస్తావించేచోట ఉద్ధరణ చిహ్నాలు లేకుండా ‘ధనంజయుడు’ అని నేటి రూపంలో రాస్తే సరిపోతుంది. అక్కడ అది ఉదాహరణ కాదు, వ్యక్తినామం.

పరిష్కర్తలు వాడే చిహ్నాలు ఈ తేడాలను చూపడానికే ఏర్పడ్డాయి. అరిగిన అక్షరాలను ఊహించి చదివినప్పుడు చతురస్ర కుండలీకరణంలోనూ, పోయిన అక్షరాలను చుక్కలతోనూ చూపడం సాధారణ పద్ధతి. కలమళ్ళ శాసనంలో ఆజ్ఞ అనే అర్థంలో చదివిన ‘[పం]పు’ అన్న మాటను కుండలీకరణం తీసి ‘పంపు’ అని ఉదాహరిస్తే, సగం ఊహ అయిన పదం సంపూర్ణ సాక్ష్యంగా మారుతుంది. ఒక వ్యాసం నుంచి మరొక వ్యాసానికి, అక్కడి నుంచి పాఠ్యపుస్తకానికి పదం ప్రయాణించేకొద్దీ చిహ్నాలు ముందుగా రాలిపోతాయి. చిహ్నం లేని రూపం ఎదురైనప్పుడు మొదటి ప్రచురణకు వెళ్ళి చూడడం తప్ప మార్గం లేదు.

5. ‘పన్నస’: రూపం తెలిసినా అర్థానికి హద్దు

ఎఱ్ఱగుడిపాడు శాసనంలో ‘ఇచ్చిన పన్నస’ అన్న పదబంధం ఉంది. రూపాన్ని బట్టి ‘ఇచ్చిన’ భూతకాల ధాతుజ విశేషణం. నేటికీ అదే రూపం వాడుకలో ఉంది. ఇక్కడ వాదానికి ఇబ్బంది లేదు.

‘పన్నస’ విషయం వేరు. దీనిని దానభూమి అనే అర్థంలో గ్రహిస్తారు. ఆ అర్థానికి మూలం పదంలో లేదు, దాని ముందున్న ‘ఇచ్చిన’లోనూ, సాక్షులను చెప్పే ‘సక్షికాను’ వంటి మాటలలోనూ ఉంది. ఇచ్చినది, సాక్షుల ఎదుట ఇచ్చినది, దానశాసనపు చట్రంలో చెప్పినది కనుక అది దానం. ఇంతవరకు సందర్భమే చెబుతుంది.

ప్రాకృతంలో ‘పణ్ణాస’ అంటే యాభై. రెండు పదాల ధ్వనిసామ్యం చూసి, పన్నస అంటే 50 కొలతల భూమి అని చెప్పాలనే ఆకర్షణ కలుగుతుంది. ఈ వ్యుత్పత్తి సరైనదే అనుకున్నా, వాదం ఇక్కడ అడుగు తప్పుతుంది. పదం పుట్టినప్పటి అర్థం, అది ప్రయోగమైనప్పటి అర్థం ఒకటి కానక్కరలేదు. సంఖ్యావాచకం నుంచి పుట్టిన మాట కాలక్రమంలో కేవలం దానభూమికి పేరుగా నిలవవచ్చు. ఒక దానంలో ఎంత భూమి ఇచ్చారో తెలియాలంటే ఆ శాసనం కొలతను విడిగా చెప్పి ఉండాలి, ‘పన్నస’ అన్న పదం నుంచి కొలతను రాబట్టకూడదు. వ్యుత్పత్తి పదచరిత్రకు సాక్ష్యం, దానచరిత్రకు కాదు.

అదే శాసనంలోని ‘కొట్టంబున’ అన్న రూపం దీనికి భిన్నంగా నిలుస్తుంది. ఇందులో ‘ంబు’ ప్రత్యయం, దాని మీద సప్తమ్యర్థకమైన ‘న’ స్పష్టంగా ఉన్నాయి. తరువాతి కావ్యభాషలోని ‘వనంబున’ వంటి రూపాల వరుసలో ఇది మొదటివైపున నిలుస్తుంది. దీనికి సాక్ష్యబలం ఎందుకు ఎక్కువంటే, చర్చించే అంశం పదం లోపలే పూర్తిగా ఉంది. బయటి ఊహ అవసరం లేదు.

6. ‘నాగబు’: అదే కొలతతో

పై పరిశీలనలో తేలిన ప్రశ్నలు నాలుగు. అక్షరాలు శిల మీద ఉన్నాయా? పదపు అంచులు నిశ్చితమా? పక్క పదాల సంబంధం తెలుస్తున్నదా? పదంలో ఉన్నదానికి మించి చెబుతున్నామా? తెలుగు ప్రాచీనతను గురించిన చర్చలో అందరికన్నా ముందు వినిపించే ‘నాగబు’ను ఈ ప్రశ్నలతో చూడడం అవసరం. 2008లో తెలుగుకు ప్రాచీన భాషా హోదా లభించిన నేపథ్యంలో ఈ మాట పరిశోధన వ్యాసాలలోనూ పోటీపరీక్షల పుస్తకాలలోనూ ‘తొలి తెలుగు పదం’గా స్థిరపడింది.

అమరావతి శిలాశకలం మీది ఈ పదంపై పండితుల దృష్టిని మళ్ళించినవారు వేటూరి ప్రభాకరశాస్త్రి. వాదపు సారం సరళమైనది. సంస్కృత, ప్రాకృత ‘నాగ’ శబ్దానికి ‘బు’ చేరింది. ‘బు’ తెలుగు అమహద్వాచకాలకు వచ్చే ‘ంబు’, ‘ము’ ప్రత్యయమే. కనుక ఇది తెలుగు పదం.

మొదటి ప్రశ్నకు సమాధానం అనుకూలం. ‘నాగబు’ అన్న అక్షరాలు పూరణ కావు. రెండవ ప్రశ్న దగ్గర ఇబ్బంది ఉంది. శకలం మీది అక్షరాలు కనుక పదం ‘బు’తో ముగిసిందని శిల చెప్పదు. అమరావతి దాతల పేర్లలో ‘నాగ’ శబ్దం కలవీ, ‘బుధ’ శబ్దం కలవీ ఉన్నాయి. ‘నాగబు’ తరువాత మరికొన్ని అక్షరాలుండి, అది ఒక ప్రాకృత వ్యక్తినామపు మొదటిభాగం అయ్యే అవకాశాన్ని తోసిపుచ్చడానికి శకలంలో ఆధారం లేదు.

మూడవ ప్రశ్నకు సమాధానం లేదు. పక్క పదం లేనందున నాగబు కర్తా, కర్మా, సంబోధనా, పేరులో భాగమా అన్నది తెలియదు. నాల్గవ ప్రశ్న ప్రత్యయ రూపానికి సంబంధించినది. ‘కొట్టంబున’లో ఉన్న అనుస్వారం ‘నాగబు’లో లేదు. బ్రాహ్మీ లిపిలోని ప్రాకృత శాసనాలలో అనుస్వారాన్ని రాయకుండా వదలడం ఉన్నది కనుక, ‘నాగంబు’ అన్న పదాన్నే ‘నాగబు’గా రాశారనడం సాధ్యమే. సాధ్యత వేరు, సాక్ష్యం వేరు. ఈ వాదంలో లేని అనుస్వారాన్ని చేర్చుకోవాలి, లేని పదాంతాన్ని అంగీకరించాలి. రెండు ఊహలు కలిస్తేనే తెలుగు ప్రత్యయం కనిపిస్తుంది.

దీనివల్ల ‘నాగబు’ తెలుగు కాదని తేలదు. అది తెలుగు కావడానికి అవకాశమున్న రూపమని మాత్రమే తేలుతుంది. తెలుగు ప్రాచీనతకు దీనివల్ల లోటు కూడా లేదు. వాక్యంగా అమరిన తెలుగు క్రీ.శ. 6వ శతాబ్దంలో రాజశాసనానికి సరిపోయే స్థితిలో ఉన్నదంటే, ఆ భాష అంతకు ఎంతో ముందునుంచి వాడుకలో ఉండితీరాలి. ఈ నిర్ణయం ‘రేనాణ్డు ఏళన్’ వంటి రెండు మాటల మీద గట్టిగా నిలుస్తుంది, అనిశ్చితమైన అంచులున్న ఒక్క మాటపై ఆధారపడనక్కరలేదు.

7. ఉపసంహారం

పై చర్చ నుంచి తేలే అంశాలు ఇవి.

1. భాషాసాక్ష్యంగా చూపే శాసనపదాన్ని శిలాపాఠంలోని వర్ణక్రమంతోనే, పరిష్కర్త చిహ్నాలతో సహా ఉద్ధరణలో ఉంచాలి. వ్యాసకర్త వాక్యానికి కావలసిన విభక్తిని ఉద్ధరణ బయట, ‘అన్న రూపం’, ‘అన్న మాట’ వంటి పదాలకు చేర్చాలి. ప్రత్యయమే చర్చనీయాంశమైనప్పుడు ఈ నియమానికి మినహాయింపు లేదు.

2. వర్ణచర్చకు ఒక్క పదం సరిపోతుంది. విభక్తినీ అన్వయాన్నీ చర్చించేటప్పుడు ఆ పదంతో సంబంధమున్న పదాన్ని కూడా ఉదాహరించాలి.

3. పూరించిన భాగం సామ్యానికి ఆధారం కాదు. పాఠభేదమున్న అక్షరంపై వాదం నిలిపేటప్పుడు రెండు పాఠాలనూ చెప్పాలి.

4. వ్యుత్పత్తి ఆధారంగా ప్రయోగార్థాన్ని నిర్ణయించకూడదు. ‘పన్నస’ దానమని సందర్భం చెబుతుంది, దాని కొలతను పదం చెప్పదు.

5. ‘నాగబు’ను తొలి తెలుగు పదమని నిశ్చయంగా చెప్పడానికి శకలంలోని ఆధారం చాలదు. కలమళ్ళ, ఎఱ్ఱగుడిపాడు శాసనాలలోని రూపాలు వాక్యంలో నిలిచి ఉన్నందున వాటి సాక్ష్యం దానికన్నా బలమైనది.